తీసేసిన మార్పు మిగిల్చే ముద్ర: మోడిఫై చేసిన సెకండ్ హ్యాండ్ కారును గుర్తించడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు చాలామంది మూడు విషయాలు చూస్తారు: ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏదైనా ప్రమాదానికి గురైందా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా. నాలుగో ప్రశ్న మాత్రం అరుదుగా అడుగుతారు. ఈ కారు కంపెనీ నుంచి వచ్చినట్టే నడిచిందా, లేక మధ్యలో ఎవరైనా దాని స్వభావాన్నే మార్చారా?

పెద్ద టైర్లు, ఇంజిన్ శక్తిని పెంచే సాఫ్ట్‌వేర్, ఎక్కువ వాట్ల హెడ్‌లైట్లు వంటి మార్పులు కళ్లకు కనిపిస్తున్నప్పుడు కనీసం బేరం ఆడే వీలుంటుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇలాంటి మార్పులు చేసిన యజమానులు చాలామంది అమ్మే ముందు వాటిని తీసేస్తారు. ఖరీదైన రిమ్ములను విడిగా అమ్ముకుంటారు, పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కిస్తారు, కంపెనీ టైర్లు బిగిస్తారు. కొనడానికి వచ్చినవారికి మామూలు కారే కనిపిస్తుంది. విడిభాగాలు వెనక్కి వచ్చాయి గానీ, ఆ మార్పులతో తిరిగిన కాలంలో లోహానికీ రబ్బరుకూ వైర్లకూ పట్టిన అలసట వెనక్కి పోలేదు.

ఇంజనీరు వదిలిన వెసులుబాటు

కారులోని ప్రతి భాగాన్నీ ఒక అంచనా భారానికి తయారు చేస్తారు. దానిపైన కొంత వెసులుబాటు కూడా ఇస్తారు. గుంతల రోడ్లు, ఎండాకాలపు వేడి, అప్పుడప్పుడూ ఎక్కే అదనపు బరువు, సర్వీసు ఆలస్యం కావడం వంటివి తట్టుకోవడానికే ఈ వెసులుబాటు. మోడిఫికేషన్ చాలా సందర్భాల్లో దీన్నే ఖర్చు చేస్తుంది. కొత్త శక్తి ఎక్కడి నుంచో ఊడిపడదు. కంపెనీ రేపటి కోసం దాచిన ఓర్పును ఇవాళే వాడేయడం వల్ల వస్తుంది.

వాడిన వెంటనే ఏదీ విరగదు. అందుకే యజమానికి ఏమీ జరగలేదనిపిస్తుంది. కానీ లోహానికి అలసట ఉంటుంది. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన ఆగస్ట్ వ్యోలర్ రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశోధించాడు. ఒక్కసారిగా విరగ్గొట్టడానికి కావాల్సిన బలం కంటే చాలా తక్కువ బలమైనా సరే, లక్షల సార్లు పదేపదే పడితే ఇరుసు విరుగుతుందని చూపించాడు. ఒత్తిడి కొంచెం పెరిగినా ఆయుష్షు చాలా ఎక్కువగా తగ్గుతుందన్నది ఆ పరిశోధనలో ముఖ్యమైన పాఠం. వాడేసిన ఆయుష్షు విశ్రాంతి ఇచ్చినంత మాత్రాన తిరిగి రాదు. మోడిఫై చేసి, మళ్లీ మామూలుగా మార్చిన కారు విషయంలో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదే.

ఒక కారు లెక్క

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 2017లో రిజిస్టరైన చిన్న డీజిల్ కారు. మీటరు 60,000 కిలోమీటర్లు చూపిస్తోంది. కంపెనీ లెక్క ప్రకారం ఇంజిన్ టార్క్, అంటే చక్రాలను తిప్పే మెలి బలం, 190 న్యూటన్ మీటర్లు. టైర్ల సైజు 185/65 ఆర్15. మొదటి యజమాని చివరి 20,000 కిలోమీటర్లలో మూడు మార్పులు చేశాడనుకుందాం. ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించి, అంటే రీమ్యాప్ చేయించి, టార్క్‌ను 240కి పెంచాడు. 205/65 ఆర్16 టైర్లు వేశాడు. చక్రాలు బయటికి పొంగి కనిపించాలని హబ్‌కూ రిమ్ముకూ మధ్య స్పేసర్లు పెట్టాడు. అమ్మే ముందు అన్నీ తీసేశాడు.

మొదట టార్క్. 190 నుంచి 240 అంటే 26 శాతం పెరుగుదల. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించేది క్లచ్ ప్లేటు. అది కేవలం రాపిడితో పట్టుకుంటుంది. దాని పట్టును 190కి తగ్గట్టు, పైన కొంత వెసులుబాటుతో తయారు చేస్తారు. టార్క్ ఆ హద్దుకు దగ్గరగా వెళ్లినప్పుడల్లా ప్లేటు కొద్దికొద్దిగా జారుతుంది. జారినప్పుడు పుట్టే వేడికి రాపిడి పొర కాలి అరిగిపోతుంది. ఇంజిన్ లోపల మరో సంగతి జరుగుతుంది. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం ఎక్కువగా పోసేకొద్దీ మంట ఉష్ణోగ్రత పెరుగుతుంది. దానికి సరిపడా గాలి అందకపోతే నల్లటి పొగ వస్తుంది. పొగగొట్టంలోకి వెళ్లే వాయువుల వేడి పెరిగి, ఆ దారిలోనే తిరిగే టర్బో మీద పడుతుంది.

రెండోది టైర్లు. కంపెనీ టైరు వ్యాసం లెక్కిస్తే సుమారు 621 మిల్లీమీటర్లు. కొత్తగా వేసిన దాని వ్యాసం సుమారు 673. తేడా 8 శాతం పైమాటే. కారు మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది గానీ రోడ్డును కొలవదు. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మీటరు 20,000 చూపించిన కాలంలో కారు నిజంగా 21,600 కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఎవరూ మీటరును ముట్టుకోకుండానే 1,600 కిలోమీటర్లు లెక్కలోంచి మాయమయ్యాయి. బ్రేకులదీ ఇదే కథ. బ్రేకు చక్రం మధ్యలో పట్టుకుంటుంది, దాని ఫలితం చక్రం అంచున, రోడ్డు దగ్గర కావాలి. చక్రం పెద్దదైతే అదే పెడల్ ఒత్తిడికి రోడ్డు మీద దొరికే ఆపే బలం దాదాపు 8 శాతం తగ్గుతుంది.

మూడోది స్పేసర్లు. అన్నిటికన్నా నిశ్శబ్దంగా నష్టం చేసేవి ఇవే. కారు బరువు హబ్ బేరింగ్ మీద ఏ గీత వెంట పడాలో కంపెనీ నిర్ణయిస్తుంది. చక్రాన్ని బయటికి జరిపితే ఆ బరువు బేరింగ్‌ను పక్కకు వంచే ప్రయత్నం చేస్తుంది. బిందెను ఒంటికి ఆనించి మోయడానికీ చేయి చాచి మోయడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. బాల్ బేరింగ్ ఆయుష్షు భారం ఘనానికి విలోమంగా మారుతుందని ఇంజనీరింగ్ సూత్రం. అంటే భారం 25 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. స్పేసర్ తీసేసినంత మాత్రాన బేరింగ్‌లోని గోళీల దారిలో మొదలైన సూక్ష్మమైన పగుళ్లు మానవు.

ఇప్పుడు ఈ కారు కొనేవారు 60,000 కిలోమీటర్ల కారుకు తగిన ధర ఇస్తారు. కానీ వారి చేతికి వచ్చేది చాలా ఎక్కువ అరిగిన క్లచ్, బేరింగ్‌లు, టర్బో ఉన్న కారు.

వైర్లలో దాగిన నిప్పు

యాంత్రిక భాగాల అలసట సాధారణంగా చప్పుడు చేసి చెబుతుంది. వైరింగ్ అలా చెప్పదు. హెడ్‌లైటులో 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది పెట్టారనుకుందాం. 12 వోల్టుల దగ్గర మొదటిది 5 ఆంపియర్ల కరెంటు లాగితే, రెండోది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. కరెంటు పెరిగినది ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువే. కానీ వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 2.8 రెట్లవుతుంది. కంపెనీ వైరు మందం మాత్రం అంతే ఉంది.

దీనికి తోడు హారన్, ఫాగ్ లైట్లు, యాంప్లిఫయర్ కూడా అదే లైనులోంచి తీసుకుంటే ఫ్యూజు తరచూ పోతుంది. అప్పుడు 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 20 పెట్టడం షెడ్లలో దొరికే సులువైన పరిష్కారం. ఫ్యూజు పని పరికరాన్ని నడిపించడం కాదు, వైరు కాలకముందే తాను కాలిపోవడం. పెద్ద ఫ్యూజు పెడితే ఆ వరుస తలకిందులవుతుంది. ఫ్యూజు నిలుస్తుంది, వైరు పైపొర కరుగుతుంది. తరువాత బల్బులు మామూలువి పెట్టినా, ఒకసారి వేడికి పెళుసుబారిన ఆ పొర ఇంజిన్ అదురుకు చిట్లుతూనే ఉంటుంది. ఎన్నాళ్ల తరువాత షార్ట్ సర్క్యూట్ అవుతుందో ఎవరూ చెప్పలేరు.

కాగితం నుంచి కారు వైపు

ఆనవాళ్లు వెతకడం ఆర్‌సీతో మొదలుపెట్టాలి. అందులోని ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య, బాడీ రకం కారుతో సరిపోవాలి. పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్ ఉంటే అది ఆర్‌సీలో నమోదై ఉండాలి. సీఎన్‌జీని దాదాపు 200 బార్ల పీడనంతో నింపుతారు. అందుకే సిలిండరును మూడేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్షించాలన్నది నియమం. సిలిండరు మీద పరీక్ష తేదీ, చేతిలో దాని సర్టిఫికెట్ లేకపోతే ఆ బేరం అక్కడితో ఆపడమే మంచిది. ఆర్‌సీలో పెట్రోలు అని మాత్రమే ఉండి, డిక్కీ నేల మీద పూడ్చిన బోల్టు రంధ్రాలు కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ సిలిండరు ఉండేదని అర్థం చేసుకోవచ్చు.

తరువాత డ్రైవర్ తలుపు తెరవాలి. తలుపు చట్రం దగ్గర చాలా కార్లలో టైర్ల సైజు, గాలి పీడనం తెలిపే స్టిక్కరు ఉంటుంది. టైరు మీది అంకెలను దానితో పోల్చాలి. టైరు పక్కభాగంలో నాలుగంకెల తయారీ తేదీ కూడా ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. మన ఉదాహరణలోని 2017 కారుకు ఆ ఏడాది టైర్లే ఉండి, 60,000 కిలోమీటర్లు తిరిగినా వాటి గాడులు లోతుగా ఉన్నాయంటే, అవి చాలాకాలం అటకమీద ఉన్నాయని అనుమానించాలి. ఆ కాలంలో కారు వేరే టైర్ల మీద తిరిగి ఉంటుంది.

ఆ అనుమానం తీర్చేది చక్రం పైన ఉండే గూడు. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి లైటు వేసి, గూడు లోపలి ప్లాస్టిక్‌ను చూడాలి. పెద్ద టైరు తిరిగేటప్పుడు రాసుకుంటే అక్కడ నున్నగా మెరిసే చారలు పడతాయి. ఇప్పుడున్న చిన్న టైరు ఎంత తిప్పినా అంత దూరం తగలదు. తగలని టైరు గీత గీయలేదు కదా! అలాగే గూడు అంచున ఉండే రేకును లోపలికి మడిచి కొట్టిన గుర్తులు, సస్పెన్షన్ బోల్టుల మీద పానా పట్టిన మెరుపు, పాత స్ట్రట్ పక్కన కొత్త స్ప్రింగు కూడా ఇలాంటి సాక్ష్యాలే.

బానెట్ కింద ఫ్యూజు పెట్టె మూత మీద ఏ గడిలో ఎన్ని ఆంపియర్లో ముద్రించి ఉంటుంది. ఫ్యూజులు రంగులతోనే తెలుస్తాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. మూత మీద 10 అని ఉన్న గడిలో పసుపు రంగు ఫ్యూజు ఉంటే ప్రశ్న అడగాల్సిందే. కంపెనీ వైర్ల కట్ట ఒకే తీరుగా, గొట్టంలో అమర్చి ఉంటుంది. దాని మధ్యలో నల్ల టేపు చుట్టిన అతుకులు, బ్యాటరీ నుంచి నేరుగా లోపలికి పోయే అదనపు వైరు, ఎటూ కలపకుండా వదిలేసిన కొసలు ఉంటే, అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదన్నమాట.

నడిపి చూస్తే తెలిసేవి

కారును చూడటానికి వెళ్లేముందు ఇంజిన్ వేడెక్కించవద్దని అమ్మేవారికి చెప్పాలి. చల్లటి ఇంజిన్ మొదలైనప్పుడు వచ్చే పొగ, చప్పుడు దాచడానికి వీల్లేనివి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో గంటకు 40 లేదా 50 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాలి. ఇంజిన్ చప్పుడు జోరుగా పెరిగి కారు వేగం దానితోపాటు పెరగకపోతే క్లచ్ జారుతోంది. 60,000 కిలోమీటర్ల కారులో క్లచ్ జారినా, అప్పటికే కొత్తది వేసి ఉన్నా, కారణం అడగాలి. నగరంలో సగం క్లచ్ మీద నడిపే అలవాటు కూడా కారణం కావచ్చు. కానీ ఇదొక్కటే కాకుండా మరిన్ని ఆనవాళ్లు జతపడితే రీమ్యాప్ వైపు వేలు చూపుతుంది.

వేగంతో పాటు పెరుగుతూ, ఒక పక్కకు మలుపు తిప్పినప్పుడు హెచ్చుతగ్గులయ్యే ‘ఊఁ’ అనే మూలుగు హబ్ బేరింగ్‌ది కావచ్చు. టైర్లు ఇంకా పెద్దవే ఉంటే ఫోన్‌లోని జీపీఎస్ పట్టిస్తుంది. కంపెనీ స్పీడోమీటరు అసలు వేగం కంటే సాధారణంగా కొంచెం ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించేలా తయారు చేయరు. స్పీడోమీటరు 60 దగ్గర నిలకడగా ఉన్నప్పుడు ఫోన్ 64 చూపిస్తే, చక్రాలు ఉండాల్సిన దానికంటే పెద్దవని తెలుసుకోవచ్చు.

ఇంకో చిన్న పరీక్ష ప్రాణాలకు సంబంధించినది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉందని అర్థం. అసలు వెలగకపోతే ఆ దీపాన్నే ఎవరో పనిచేయకుండా చేసి ఉండవచ్చు. స్టీరింగ్ మార్చిన కార్లలో దీన్ని తప్పకుండా చూడాలి.

కంప్యూటర్‌ను అడిగితే

సుమారు 2013 తరువాత వచ్చిన చాలా కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ అనే సాకెట్ ఉంటుంది. దానికి తక్కువ ధరకు దొరికే చిన్న రీడర్ తగిలించి, ఫోన్‌లోని యాప్‌తో ఇంజిన్ కంప్యూటర్‌ను చదవవచ్చు. చాలామంది లోపాల కోడ్‌లు ఉన్నాయా అని మాత్రమే చూస్తారు. కోడ్‌లు లేకపోవడం కంటే అవి ఎప్పుడు చెరిగిపోయాయన్నది ముఖ్యం. యాప్‌లో `Distance since codes cleared` అనే వరుస ఉంటే దాన్ని చూడాలి. 60,000 తిరిగిన కారులో అక్కడ 35 కిలోమీటర్లు అని కనిపిస్తే, ఒకటి రెండు రోజుల క్రితమే ఎవరో జ్ఞాపకాలను తుడిచారు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినా ఇలా జరుగుతుంది కాబట్టి వెంటనే నింద వేయకూడదు. బ్యాటరీ బిల్లు చూపించమని అడగవచ్చు, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చదువుతామని కోరవచ్చు.

అదే యాప్‌లో `Calibration ID`, `CVN` అనే రెండు వివరాలు కనిపించవచ్చు. మొదటిది సాఫ్ట్‌వేర్ పేరు, రెండోది ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం మీద లెక్క కట్టిన సరిచూపు సంఖ్య. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అంకె మారినా ఈ సంఖ్య మారాలి. అధీకృత సర్వీస్ సెంటర్‌లో దీన్ని కంపెనీ విలువతో పోల్చి చూడమని అడగవచ్చు. దీనికీ హద్దులున్నాయి. నేర్పుగా చేసిన రీమ్యాప్ పాత సంఖ్యనే చూపించగలదు. అసలు సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఎక్కించిన కారులో సంఖ్య ఎలాగూ సరిపోతుంది. కొన్ని కంపెనీల కంప్యూటర్లు ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించారో లెక్క దాచుకుంటాయి. దాన్ని కంపెనీ పరికరమే చదవగలదు. కాబట్టి కంప్యూటర్ ఇచ్చే శుభ్రమైన సమాధానం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. గూటిలోని గీతలు, క్లచ్, బోల్టులు చెప్పే మాటతో దాన్ని కలిపి చదవాలి.

చట్టం చేతిలో కొత్త యజమాని

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు హద్దులు పెట్టింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కారు పేరు మారాక, ఆ మార్పు తాను చేయలేదని తనిఖీలో చెప్పుకోవాల్సింది కొత్త యజమానే. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి తెలియజేయని మార్పు బయటపడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అన్ని మార్పులూ ఒకటి కావు. ఆమోదం పొందిన కిట్‌తో, ఆర్‌సీలో నమోదు చేయించిన సీఎన్‌జీ, దివ్యాంగుల కోసం అనుమతితో చేసిన అమరిక చట్టం ఒప్పుకునేవే. వాటికి బిల్లు, అనుమతి పత్రం, బీమాలో ప్రస్తావన ఉంటాయి. మార్పు ఉందా లేదా అన్నదాని కంటే, అది కాగితం మీద ఉందా లేదా అన్నదే తేడా.

మన ఉదాహరణలోని కారు దగ్గరకు తిరిగి వస్తే, గూటిలో గీతలు, నాలుగో గేరులో జారే క్లచ్, 35 కిలోమీటర్ల క్రితం తుడిచిన కోడ్‌లు మూడూ కలిపి ఒకే కథ చెబుతాయి. ఇందులో ఏ ఒక్కటైనా విడిగా ఉంటే మామూలు కారణం ఉండవచ్చు. మూడూ ఉన్నప్పుడు అమ్మేవారిని సూటిగా అడగాలి: ఏమేం మార్చారు, ఎన్ని కిలోమీటర్లు అలా తిప్పారు, తీసేసినవి ఎక్కడున్నాయి? బిల్లులతో సహా ఒప్పుకుంటే క్లచ్, హబ్ బేరింగ్‌లు, టర్బో తనిఖీ ఖర్చును ధరలోంచి తగ్గించి బేరం కొనసాగించవచ్చు. ఎలాంటి మార్పూ జరగలేదని అంటే ఆ మాటనే అమ్మకం ఒప్పందంలో రాసి సంతకం చేయమనాలి. సంతకానికి వెనకాడితే ఆ కారును అక్కడే వదిలేసి రావడం మేలు. దాని ఆయుష్షులో ఎంత భాగం ఖర్చయిందో కొలిచే మీటరు ఏ షెడ్డులోనూ దొరకదు.